పులికాట్ సీన్‌కి లిడియన్‌లో థీమ్ రాసిన కథ: ప్రతిమధ్యమం, పైకి దాటే పంచమాలు, ఒక ఫిడేలు సెషన్

పోయిన చలికాలం ఒక పిల్లల షార్ట్ ఫిల్మ్‌కి ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, చేశాను. అందులో ఒక్క సీన్‌కి రాసిన థీమ్ మాత్రం మూడుసార్లు మొదటికొచ్చింది. ఎక్కడ తప్పిందో, ఎలా దారిలో పడిందో ఒకచోట రాసి పెడదామని ఇది.

సీన్ ఇది. పులికాట్ సరస్సు, తెల్లవారుజాము. పదేళ్ల పిల్లాడు, వాళ్ల తాత, ఒక చిన్న పడవ. నీళ్లు మోకాలి లోతే కాబట్టి తాత గెడ వేసి తోస్తుంటాడు. మంచు వల్ల ముందు ఏమీ కనబడదు, తర్వాత నీళ్ల మీద గులాబీ రంగు గీతలా ఏదో కనిపిస్తుంది, అది ఏంటో పిల్లాడికి అర్థమయ్యేలోపే ఫ్లెమింగోల గుంపు మొత్తం ఒక్కసారి లేస్తుంది. మొత్తం 1 నిమిషం 48 సెకన్లు. గుంపు లేచే ఫ్రేమ్ సీన్ మొదలైన 54.5 సెకన్లకి వస్తుంది. మాటల్లేవు. డైరెక్టర్ కుర్రాడు చెప్పింది ఒక్కటే: "అన్నా, వాడికి భయం వేయకూడదు, గర్వం రాకూడదు, నోరు తెరుచుకుని చూస్తుండిపోవాలి అంతే."

నోరు తెరుచుకుని చూడటం అనగానే సినిమా సంగీతంలో చేయి వెళ్లేది లిడియన్ మీదకే. మేజర్ స్కేల్ తీసుకుని నాలుగో స్వరాన్ని అర స్వరం పెంచితే లిడియన్. సీ నుంచి మొదలుపెడితే ఎఫ్ బదులు ఎఫ్ షార్ప్. మన లెక్కలో స రి2 గ3 మ2 ప ధ2 ని3, అంటే 65వ మేళకర్త మేచకల్యాణి స్వరాలే. కింద అంతా స అంటే సీ అనుకుని స్వరాల్లోనే చెప్తాను, "మ" అంటే ప్రతిమధ్యమం అనుకోండి. శుద్ధమధ్యమం వచ్చినచోట పేరు పెట్టి చెప్తాను.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, మామూలు మేజర్‌లో శుద్ధమధ్యమం గాంధారానికి అర స్వరం దూరంలోనే ఉంటుంది, దాని బరువు కిందికే. ఆ మధ్యమం వినగానే చెవి అది గాంధారం మీద వాలుతుందని ఎదురుచూస్తుంది, వాలగానే ఇల్లు చేరినట్టు ఉంటుంది. ప్రతిమధ్యమం పెడితే ఆ కిందికి లాగే బరువు పోతుంది. అంతా మేజర్ లాగే వెలుగుగా ఉంటుంది కానీ కాళ్లకి నేల తగలదు. ఆ స్థితే నాకు కావాలి.

పైకి దాటే స్వరాల సంగతి కూడా దీనికే ముడిపడి ఉంది. స నుంచి పంచమం పైన పంచమం వేసుకుంటూ పోండి: స, ప, రి, ధ, గ, ని, మ. ఏడు స్వరాలూ లిడియన్ స్వరాలే, చివర తగిలేది ప్రతిమధ్యమం. జాజ్ సంగీతకర్త జార్జ్ రస్సెల్ 1953లో వేసిన తన లిడియన్ సిద్ధాంతానికి పునాది ఈ వరసే. నా వరకు దీని ఉపయోగం చాలా సూటిగా ఉంది. పంచమం దాట్లతో ట్యూన్ కట్టుకుంటూ పైకి వెళ్తే ప్రతిమధ్యమాన్ని బయటి నుంచి తెచ్చి అతికించక్కర్లేదు, మెట్లెక్కితే పై అంతస్తు వచ్చినట్టు అదే వస్తుంది. 1982 నాటి ఇ.టి.లో జాన్ విలియమ్స్ రాసిన ఎగిరే థీమ్ కూడా పైకి దాటే పంచమంతోనే మొదలవుతుంది. డైరెక్టర్ ఎడిట్‌లో టెంప్‌గా, అంటే అసలు సంగీతం వచ్చేదాకా తాత్కాలికంగా, పెట్టుకుంది కూడా అదే, అందుకే ఆ ట్రాక్‌ని ఒక్కసారి విని పక్కన పెట్టేశాను, లేకపోతే చేతులు అటే పోతాయి.

ఇంత తెలిసీ మొదటి వెర్షన్ తప్పింది.

మొదటి వెర్షన్‌లో స నుంచి ప కి దాటు, అక్కడి నుంచి మ, మళ్లీ ప. కింద కార్డ్స్ సీ మేజర్, డీ సెవెన్, జీ మేజర్, మళ్లీ సీ. కీబోర్డ్ మీద వాయిస్తే హాయిగానే ఉంది. కానీ వింటున్నకొద్దీ ఏదో మామూలు పాటలా ఉంది, ఆశ్చర్యం లేదు. ఎందుకో తేలక మా అసిస్టెంట్ అమ్మాయిని పిలిచి, నాలుగు బార్లు వినిపించి మధ్యలో ఆపేసి, "ఇప్పుడు షడ్జం పాడమ్మా" అన్నాను. తను ఆలోచించకుండా పాడిన స్వరం సీ కాదు, జీ. నా పంచమం తనకి షడ్జం అయిపోయింది.

ఏం జరిగిందంటే, సీ లిడియన్, జీ మేజర్ రెండిట్లో ఉన్నవి అవే ఏడు స్వరాలు. ఏది ఇల్లు అన్నదొక్కటే తేడా. డీ సెవెన్ అనేది జీ ఇంటికి దారి చూపే కార్డ్, దాని తర్వాత నిజంగానే జీ వాయించాను, పైన ట్యూన్‌లో మ వెళ్లి ప మీద వాలింది. అంటే ఎఫ్ షార్ప్ జీ కి నిషాదంలా పనిచేసింది. మూడూ కలిసి ఒకే మాట చెప్తే చెవి నమ్మకేం చేస్తుంది? లిడియన్ రాయబోయి జీ మేజర్‌లో ట్యూన్ రాశాను, కాకపోతే సీ నుంచి మొదలుపెట్టాను. లిడియన్ రాసేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఇదేనని నా అనుభవం, షడ్జం పాడించే పరీక్ష పెడితే అర నిమిషంలో బయటపడుతుంది. మీకు మీరే పాడుకుంటే లాభం లేదు, రాసినవాడి చెవిలో షడ్జం ముందే నాటుకుని ఉంటుంది. ట్యూన్ అంతకుముందు విననివాళ్లే పాడాలి.

బాగుచేయడానికి మన పద్ధతే అక్కరకొచ్చింది. తంబుర మోగుతుంటే కల్యాణి ఎంతసేపు పాడినా షడ్జం జరగదు కదా. కాబట్టి చెల్లో అన్నిటికన్నా కింది తీగ సీ ని మొదటి బార్ నుంచి చివరిదాకా ఆపకుండా పట్టి ఉంచాను, వెస్టర్న్ వాళ్లు పెడల్ అనేది ఇదే. నేను సీ శ్రుతి ఎంచుకున్నదీ ఇందుకే, ఆ తీగ ఖాళీగా మోగితే వచ్చే నిండుదనం నొక్కి పట్టిన స్వరానికి రాదు. పైన కార్డ్స్ రెండే: సీ మేజర్, డీ మేజర్. జీ కార్డ్ తీసేశాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీన్ని చాలామంది చూడకుండా దాటేస్తారు. కింద సీ పెట్టి పైన డీ మేజర్ వాయిస్తే అందులో ఉన్న స్వరాలు డీ సెవెన్ స్వరాలే! అంటే కాగితం మీద నేను ఆ ప్రమాదాన్ని తీసేయలేదు. అయినా వినడానికి వేరేగా ఉండటానికి కారణం కింది సీ ఎటు పోతుందన్నదే. డీ సెవెన్‌లో సీ కి కిందికి బీ మీదకి దిగాలని ఉంటుంది, దిగిందంటే జీ వచ్చేసినట్టే. నేను దాన్ని దిగనివ్వలేదు. రెండు బార్లు ఒంటరిగా సీ మోగాక గానీ డీ కార్డ్ వినిపించదు, వినిపించాక మళ్లీ నేరుగా సీ మేజర్‌కే వెళ్తుంది. ఇంకోటి, రెండిటి మధ్య ఖాళీ వదిలాను. చెల్లో అట్టడుగున ఉంటే డీ మేజర్ దానికి రెండు ఆక్టేవ్‌లకి పైనే ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు. దగ్గరగా పేరిస్తే ఒకే కార్డ్ అయిపోయి టెన్షన్ పుడుతుంది. దూరంగా ఉంచితే కింద నీళ్లు, పైన ఆకాశంలా రెండు పొరలు విడివిడిగా వినిపిస్తాయి. మళ్లీ అసిస్టెంట్‌ని పిలిచాను, ఈసారి సీ పాడింది.

ఇక ట్యూన్. రెండో వెర్షన్‌లో దాట్ల మోజులో పడ్డాను. బార్‌కో దాటు, పంచమం తర్వాత ఆరో స్వరం, తర్వాత ఏడోది, చివరికి స నుంచి పై స దాకా, అన్నీ హార్న్ శాంపిల్స్ మీద, చుక్కల రిథమ్‌తో. డైరెక్టర్ విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అన్నా, పక్షులు లేస్తున్నట్టు లేదు, హీరో జీపు దిగుతున్నట్టుంది" అన్నాడు. నిజమే. పైకి దాటు ఒక్కటే ఆశ్చర్యం తెప్పించదు. దాటిన ప్రతిసారీ ట్యూన్ ఆ ఎత్తులోనే నిలబడితే అది ప్రకటన అవుతుంది, వీరం అవుతుంది. ఆశ్చర్యపడే మనిషి చేయి చాస్తాడు, అందదు, కొంచెం వెనక్కి వస్తాడు, మళ్లీ ఇంకాస్త పైకి చాస్తాడు. ట్యూన్ కూడా అలాగే చేయాలి.

మూడో వెర్షన్ ఎనిమిది బార్లది, బార్‌కి నాలుగు బీట్లు. కింది స్వరం ముందు బార్ నాలుగో బీట్ మీద చిన్నగా పడుతుంది, పై స్వరం బార్ మొదటి బీట్ మీద సాగుతుంది. మొదటి దాటు స నుంచి ప. రెండో బార్‌లో మ, గ, రి అని ఒక్కో మెట్టు దిగుతుంది, కార్డ్ డీ మేజర్‌కి మారుతుంది. ఇక్కడి మ మీద ఆగను, దిగేటప్పుడు కాలికి తగిలిన మెట్టు లాంటిది, ఆ రంగు చెవికి అలవాటు కావడానికి మాత్రమే. దిగి ఆగిన ఆ రి నుంచే రెండో దాటు, ధ కి. నాలుగో బార్‌లో మళ్లీ దిగి గ దగ్గర ఆగుతుంది. మూడో దాటు గ నుంచి ని కి. ఇప్పటిదాకా దాటే చోటు స, రి, గ అని ఒక్కో మెట్టే పెరిగింది, దాటిన ప్రతిసారీ కిందికి దిగింది. మూడోసారి మాత్రం దిగదు. ని మీదే రెండు బార్లు నిలబడుతుంది, కింద కార్డ్ మారినా కదలదు. అక్కడి నుంచి నాలుగో దాటు, పై మ కి. దాటు మీద దాటు థీమ్ మొత్తంలో ఇదొక్కటే, గ, ని, పై మ అని తొమ్మిది స్వరాల ఎత్తు ఒక్క ఊపులో. ఎనిమిదో బార్‌లో ఆ మ నుంచి పై గ మీదకి, సీ మేజర్ మీదకి దిగడంతో ముగుస్తుంది.

ఆ చివరి దిగుడు మీద నాకు పట్టుదల ఉంది. పైన మ పట్టుకున్నాక చేతివేళ్లు తమంతట తామే ప కి వెళ్తాయి, అర స్వరం దూరంలో పిలుస్తుంటుంది. వెళ్తే ఏదో సాధించినట్టు ఉంటుంది, పైగా జీ మేజర్ వాసన మళ్లీ వస్తుంది. గ కి దిగితే ఆ ఎత్తు అందీ అందనట్టు, చూసి వదిలేసినట్టు ఉంటుంది. రెండూ రికార్డ్ చేసి బొమ్మ మీద పెట్టి చూశాం. ప కి వెళ్లిన వెర్షన్‌లో పిల్లాడి మొహం గెలిచినవాడి మొహంలా కనబడింది. గ కి దిగిన దాంట్లో నోరు తెరుచుకుని ఉంది. ఫ్రేములు అవే.

టైమింగ్ సంగతి. ఖాళీ సీ రెండు బార్లు, వేణువు మీద థీమ్ ఒకసారి ఎనిమిది బార్లు, తర్వాత ఫిడేళ్ల మీద ఆక్టేవ్ పైన రెండోసారి. అంటే రెండోసారి వచ్చే నాలుగో దాటు సరిగ్గా 17వ బార్ మొదటి బీట్ మీద పడుతుంది. టెంపో 72 అనుకున్నాను మొదట. దానికి 16 బార్లు 53.3 సెకన్లు, పక్షులు లేచేది 54.5కి. సెకనుకి పైగా ముందే వచ్చేస్తే ఆశ్చర్యం పాడైపోతుంది, సంగీతం పిల్లాడికంటే ముందు చూసినట్టు ఉంటుంది. 70.5 పెడితే 54.47. అంతే, ఇంకేం కదపలేదు.

వేణువు మీద మొదటిసారి వచ్చినప్పుడు పై మ ఇవ్వలేదు. ని నుంచి పై గ కే దాటింది, పంచమం బదులు నాలుగో స్వరం. విన్నవాళ్లకి అప్పటికి అది నిండుగానే ఉంటుంది, ఏదో తగ్గిందని ఎవరికీ తోచదు. రెండోసారి అదే చోట చెవి గ కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఒక్క స్వరం పైకి, మ తగిలి, పక్షులు లేస్తాయి. ఈ సీన్ అంతటికీ నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఆ ఒక్క స్వరం దాచిపెట్టడమే.

ఇక ఫిడేలు సెషన్. వచ్చినాయన కర్ణాటక సంగీతంలో దిట్ట, నాకంటే పెద్దాయన. నోట్స్ చూసి వాయించారు, గది నిండిపోయింది, అంత బాగుంది. కానీ రెండో బార్‌లోని మ ఆయన చేతిలో ప ని తాకుతూ ఊగింది, ని షడ్జాన్ని తాకింది, అంతే, అది పులికాట్ కాదు, కచేరీ హాలు. ఆయనే ఆపి నవ్వి, "నిధి చాల వచ్చేస్తోందయ్యా" అన్నారు, కల్యాణిలో త్యాగరాజు కీర్తన అది. తెలుగువాళ్ల చెవికి ఈ స్వరాలు కల్యాణిగా ముందే తెలుసు, గమకం కాస్త తగిలినా రాగం లేచి కూర్చుంటుంది. రాగం వచ్చిందంటే వినేవాడు తెలిసిన చోటికి వచ్చేశాడు, తెలిసిన చోట ఆశ్చర్యం ఎక్కడిది. ఇది కల్యాణి తప్పేం కాదు, ఆ రాగానికి ఉన్న బలం అది. నేను అడిగింది మాత్రం వేరే పని.

"గమకం వద్దండి" అంటే సరిపోలేదు, ఆయన తీసేసి వాయిస్తే స్వరం ఎండిపోయింది. రెండు మూడు టేకుల తర్వాత దారి దొరికింది. ఆయన హెడ్‌ఫోన్‌లో క్లిక్, చెల్లో మాత్రమే వస్తున్నాయి. డీ మేజర్ కార్డ్ కూడా గట్టిగా పంపించాను. కార్డ్ వినబడగానే మ కి అందులో చోటు ఉందని, అది ఊగక్కర్లేదని ఆయనకే తట్టింది. ఊపు బదులు విల్లు మీద పని చేయమన్నాను: దాటి వచ్చిన పై స్వరం చిన్నగా మొదలై మూడు బీట్లలో పెరగాలి. దాటేటప్పుడు కింది స్వరం నుంచి పైకి జారుతూ కాకుండా నేరుగా వెళ్లాలి. జారితే మళ్లీ మన పద్ధతి వినిపిస్తుంది, పైగా దాటు ఎత్తు కరిగిపోతుంది. మొత్తం ఆరు టేకులు. సినిమాలో ఉన్నది అయిదోది.

మిక్స్‌లో ఒక్క ఇబ్బంది వచ్చింది. పక్షులు లేచే చోట సౌండ్ డిజైనర్ రెక్కల చప్పుడు, అరుపులు నిండుగా పెట్టాడు, పెట్టాలి కూడా. అందులో నా పై మ మునిగిపోయింది. మొదట ఫిడేళ్లు పెంచాం, ఇంకా పాడైంది, రెండూ గొడవపడ్డాయి. చివరికి కార్డ్‌లోంచి మ ని తీసేశాను. డీ మేజర్‌లో రి, ధ మాత్రమే వాయిద్యాల్లో ఉంచి, మ ని ఒక్క ట్యూన్‌కే వదిలాను. దాంతోపాటు ఆ బీట్‌కి ముందు అర సెకను రెక్కలు తగ్గించమని అడిగాను. స్వరం ముందు పడుతుంది, చప్పుడు దాని వెనక వస్తుంది. లెవెల్ పెంచకుండానే వినబడింది.

లిడియన్‌కి హద్దు కూడా ఉంది, అది ఈ సీన్‌లోనే తగిలింది. పక్షులు లేచాక ఇంకా 53 సెకన్లు మిగిలి ఉంది, నేను అదే రంగులో కొనసాగించాను. ఓ ఇరవై సెకన్ల తర్వాత మ మామూలైపోయింది. కింద పెడల్ కదలదు, కార్డ్స్ రెండే, ఎటూ పోయేది లేదు కాబట్టి అందంగా నిలబడి ఉండటం తప్ప ఇంకేం చేయలేదది. బాధ, జ్ఞాపకం, ఇంటికి చేరడం లాంటివి ఈ స్వరాలతో చెప్పించబోతే అద్దాల బీరువాలో బొమ్మలా ఉంటుంది. అందుకని పక్షులు దూరమయ్యే షాట్ దగ్గర సంగీతం పూర్తిగా ఆపి, చెల్లో సీ ఒక్కటే ఉంచాను, పన్నెండు సెకన్లు.

చివరి షాట్‌లో పిల్లాడు పక్షుల్ని వదిలి తాత వైపు చూస్తాడు. తాత ఆకాశం చూడటం లేదు, మనవడి మొహం చూస్తున్నాడు. అక్కడ వేణువు థీమ్ మొదటి దాటు మళ్లీ మొదలుపెడుతుంది, స నుంచి ప. దిగేటప్పుడు మాత్రం మొదటిసారిగా శుద్ధమధ్యమం పడి గాంధారం మీద వాలుతుంది, కింద ఎఫ్ మేజర్ వచ్చి సీ కి చేరుతుంది. 65లోంచి 36 తీసేస్తే 29, కల్యాణి లోంచి శంకరాభరణంలోకి రావడానికి మారింది ఆ ఒక్క మధ్యమమే. డైరెక్టర్‌కి ఈ లెక్కలేం చెప్పలేదు. ఆ చోట విని, "ఇక్కడ పడవ ఒడ్డుకి తగిలినట్టుంది అన్నా" అన్నాడు. షాట్‌లో పడవ ఇంకా నీళ్ల మధ్యలోనే ఉంది.